రెండు వక్రాల మధ్య వైశాల్యం సున్నా వస్తే: పోయిన ఖండన బిందువు, పై వక్రం ఏదో తేల్చే పద్ధతి

ప్రశ్న: సార్, y = x³ − 3x, y = x ఈ రెండింటి మధ్య వైశాల్యం కనుక్కోమన్నారు. రెండూ సమానం చేస్తే x² = 4, అంటే x = 2, −2 వచ్చాయి. x = 1 పెట్టి చూస్తే సరళరేఖ పైన ఉంది. అందుకని (సరళరేఖ − వక్రం) తీసుకుని −2 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చేశాను. సున్నా వస్తోంది. పుస్తకంలో 8 అని ఉంది. మాడ్యులస్ పెట్టినా సున్నాయే కదా? ప్రతిసారీ గ్రాఫ్ గీయకుండా ఏది పైన, ఏది కింద అని ఎలా చెప్పాలి?

జవాబు:

పుస్తకంలో ఉన్న 8 కరెక్టే. మీ ఇంటిగ్రేషన్‌లో తప్పేమీ లేదు. తప్పు దానికి ముందే, x³ = 4x అన్న లైను దగ్గర జరిగింది. అక్కడ రెండు వైపులా xతో భాగించేశారు. దాంతో x = 0 అనే మూడో ఖండన బిందువు ఎగిరిపోయింది. ఈ లెక్కలో అసలైన బిందువు అదే. 0కి కుడివైపు సరళరేఖ పైన ఉంటే, ఎడమవైపు ఘన వక్రం పైన ఉంది. మీరు కుడివైపు చూసింది ఎడమవైపుకి కూడా వర్తింపజేశారు.

గ్రాఫ్ లేకుండా తేల్చడానికి పద్ధతి ఇది. రెండు ప్రమేయాల తేడా తీసుకోండి, దాన్ని కారణాంకాలుగా విడగొట్టి మూలాలన్నీ వరుసగా రాయండి, పక్కపక్కనున్న ప్రతి రెండు మూలాల మధ్య ఏదో ఒక విలువ పెట్టి తేడా గుర్తు చూడండి. తేడా ధనాత్మకమైతే మొదటి ప్రమేయం పైన, ఋణాత్మకమైతే రెండోది పైన. ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు చూడాలి. ఒక్కసారి చూసి మొత్తానికి వాడకూడదు.

మీ లెక్కనే ఈ పద్ధతిలో చేద్దాం. తేడాని h అనుకుందాం.

h(x) = (x³ − 3x) − x = x³ − 4x = x(x − 2)(x + 2)

మూలాలు −2, 0, 2. అంటే మనకి రెండు ముక్కలు: −2 నుంచి 0, 0 నుంచి 2. సమీకరణం పరిష్కరించేటప్పుడు xతో కొట్టేయకుండా అంతా ఒకవైపుకి తెచ్చి, ఇంకోవైపు సున్నా ఉంచి, x ని ఉమ్మడిగా బయటికి తీయడం అలవాటు చేసుకోండి. మనం xతో భాగించామంటే x సున్నా కాదని ముందే ఒప్పేసుకున్నట్టు. కానీ ఇక్కడ x సున్నా కావడమే ఒక సమాధానం. sin x తో భాగించినా, √x తో భాగించినా ఇదే ప్రమాదం. ఘాతాన్ని చూసి కూడా అనుమానపడొచ్చు. మూడో ఘాతం సమీకరణానికి రెండే మూలాలు వచ్చాయంటే, ఒకటి పోయిందా, లేక ఏదైనా రెండుసార్లు వచ్చిందా అని ఆగి చూసుకోవాలి.

ఇప్పుడు ఒక్కో ముక్కలో ఒక్కో విలువ పెడదాం. x = 1 దగ్గర వక్రం విలువ 1 − 3 = −2, సరళరేఖ విలువ 1. సరళరేఖ 3 యూనిట్లు పైన ఉంది. x = −1 దగ్గర వక్రం విలువ −1 + 3 = 2, సరళరేఖ విలువ −1. ఇక్కడ వక్రం 3 యూనిట్లు పైన ఉంది. ఎత్తు రెండుచోట్లా 3, కానీ పైనున్నది వేరు.

అందుకని వైశాల్యం రెండు ముక్కలుగా రాయాలి.

−2 నుంచి 0 దాకా: ∫(x³ − 4x) dx = [x⁴/4 − 2x²] = 0 − (4 − 8) = 4

0 నుంచి 2 దాకా: ∫(4x − x³) dx = [2x² − x⁴/4] = 8 − 4 = 4

మొత్తం 8 చదరపు యూనిట్లు.

మీకు సున్నా ఎందుకు వచ్చిందో ఇప్పుడు కనిపిస్తుంది. (సరళరేఖ − వక్రం) అని −2 నుంచి 2 దాకా పట్టుకుపోతే, కుడి ముక్క +4 ఇచ్చింది. ఎడమ ముక్కలో సరళరేఖ కింద ఉంది కాబట్టి ఆ తేడా ఋణాత్మకమై −4 ఇచ్చింది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. మాడ్యులస్ గురించి అడిగారు. చివరికి వచ్చిన సంఖ్య మీద మాడ్యులస్ పెడితే లాభం లేదు, అప్పటికే చెరిగిపోవడం జరిగిపోయింది. మాడ్యులస్ ఇంటిగ్రల్ లోపల, తేడా మీద ఉండాలి: ∫|f(x) − g(x)| dx. దీన్ని చేతితో లెక్కించాలంటే తేడా గుర్తు మారే చోటల్లా విడగొట్టడం తప్ప వేరే దారి లేదు. అంటే తిరిగి ఖండన బిందువుల దగ్గరికే వస్తాం.

ఒక ముక్కలో ఒక్క విలువ పెట్టి చూస్తే ఆ ముక్క మొత్తానికీ ఎలా సరిపోతుందని క్లాసులో పిల్లలు తరచూ అడుగుతారు. మంచి సందేహమే. మధ్యలో ఎక్కడో వక్రం పైకి లేచి మళ్ళీ కిందికి దిగి ఉండొచ్చు కదా అని వాళ్ళ అనుమానం. కారణం చాలా చిన్నది. h అవిచ్ఛిన్న ప్రమేయం. అది ధనాత్మకం నుంచి ఋణాత్మకానికి వెళ్ళాలంటే మధ్యలో ఎక్కడో సున్నా మీదుగా వెళ్ళి తీరాలి. h సున్నా అయ్యే చోట్లన్నీ మనం ముందే పట్టుకున్నాం. పక్కపక్క మూలాల మధ్య ఇంకో సున్నా లేదు కాబట్టి అక్కడ గుర్తు మారే అవకాశమే లేదు. అందుకే మూలాలన్నీ దొరికాయా లేదా అన్నదే ముఖ్యం. ఒక్కటి తప్పిపోతే ఈ తర్కం మొత్తం కూలిపోతుంది. మీ లెక్కలో జరిగింది అదే: x = 1 పెట్టి చూడటం సరైన పనే, కానీ −2 నుంచి 2 దాకా ఒకే ముక్క అనుకున్నారు.

నిజానికి సున్నా రావడం మీ అదృష్టం. సున్నా కనిపించగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. అనుమానం రాని లెక్క ఇంకోటి చూపిస్తాను. y = sin x, y = cos x, x = 0 నుంచి x = π దాకా. ఇందులో లిమిట్స్ ప్రశ్నలోనే ఇచ్చేశారు కదా అని చాలామంది ఖండన బిందువుల జోలికే వెళ్ళరు. x = π/2 పెట్టి చూస్తారు, sin విలువ 1, cos విలువ 0. sin పైన అని రాసి నేరుగా

∫(sin x − cos x) dx = [−cos x − sin x] = 1 − (−1) = 2

అని ముగించేస్తారు. 2 చూడ్డానికి చక్కటి సంఖ్య, ఎక్కడా తేడా కొట్టదు. కానీ తప్పు. sin x = cos x అంటే tan x = 1, ఈ పరిధిలో x = π/4 ఒక్కటే. 0 దగ్గర cos విలువ 1, sin విలువ 0. కాబట్టి 0 నుంచి π/4 దాకా cos పైన, అక్కడి నుంచి π దాకా sin పైన. మొదటి ముక్క √2 − 1, రెండో ముక్క 1 + √2, మొత్తం 2√2, అంటే సుమారు 2.83. నేరుగా చేసినవాళ్ళకి మొదటి ముక్కని కలపాల్సింది పోయి తీసేసినట్టయింది: (1 + √2) − (√2 − 1) = 2. అందుకని లిమిట్స్ ఇచ్చినా సరే, వాటి మధ్య వక్రాలు ఎక్కడైనా కలుస్తాయేమో చూడాల్సిందే. ఇచ్చిన లిమిట్స్ ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాత్రమే చెప్తాయి, లోపల ఏది పైన ఉందో చెప్పవు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం ఒకటుంది, ఎందుకంటే మీ లెక్కలోనే అది పొంచి ఉంది. y = x³ − 3x అనే వక్రం x = √3 దగ్గర X-అక్షాన్ని దాటుతుంది. 0 నుంచి √3 దాకా అది అక్షానికి కింద ఉంది. ఇది చూసి కొందరు √3 దగ్గర కూడా విడగొడతారు. "అక్షం కింద వైశాల్యం ఋణాత్మకం కదా" అంటూ ఆ ముక్కకి గుర్తు మారుస్తారు. ఒక వక్రానికీ X-అక్షానికీ మధ్య వైశాల్యం అయితే ఆ జాగ్రత్త అవసరమే, అక్కడ అక్షమే రెండో వక్రం. రెండు వక్రాల మధ్య వైశాల్యంలో అక్షానికి ఏ పాత్రా లేదు. మనం కూడుతున్నది ఒక్కో x దగ్గర నిలబెట్టిన సన్నని నిలువు ముక్క పొడవుని. ఆ పొడవు ఎప్పుడూ పై విలువ − కింది విలువ. x = 1 దగ్గర అది 1 − (−2) = 3. కింది విలువలో ఉన్న మైనస్ గుర్తు తీసివేతలోనే సర్దుకుపోయింది, దాన్ని మళ్ళీ మనం ముట్టుకోకూడదు. రెండు వక్రాలూ అక్షానికి కిందే ఉన్నా అంతే: ఒకటి −2, ఇంకోటి −5 అయితే పైనున్నది −2, పొడవు 3.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు. ఖండన బిందువు వచ్చిన ప్రతిచోటా పైది కిందికి, కిందిది పైకి మారిపోతుందని లెక్కేసుకుని, మొదటి ముక్కలో మాత్రమే విలువ పెట్టి చూసి, తర్వాత ముక్కలకి ప్లస్, మైనస్, ప్లస్ అని వరసగా వేసుకుంటూ పోతారు. వక్రాలు దాటుకున్న చోట అది నిజమే. తాకి వెనక్కి వెళ్ళిపోయిన చోట కాదు. y = x³, y = 3x − 2 తీసుకోండి. తేడా x³ − 3x + 2 = (x − 1)²(x + 2). x = 1 రెండుసార్లు వచ్చింది, అంటే ఆ బిందువు దగ్గర సరళరేఖ వక్రానికి స్పర్శరేఖ. x = 0 దగ్గర తేడా 2, x = 2 దగ్గర తేడా 8 − 6 + 2 = 4. రెండూ ధనాత్మకమే. 1కి అటూ ఇటూ కూడా ఘన వక్రమే పైన ఉంది, ఏమీ మారలేదు. కారణాంకం ఘాతం సరి సంఖ్య అయితే గుర్తు మారదు, బేసి సంఖ్య అయితే మారుతుంది. ఇది గుర్తుంటే మంచిదే, కానీ ప్రతి ముక్కలో ఒక విలువ పెట్టి చూసుకోవడానికి అర నిమిషం కూడా పట్టదు. నేనైతే పిల్లలకి అదే చేయమని చెప్తాను.

పైన చెప్పిన తర్కం ఒకేచోట పనిచేయదు. తేడా ప్రమేయం మధ్యలో తెగిపోతే. y = x, y = 1/x రెండూ x = −1, x = 1 దగ్గర కలుస్తాయి. వాటి మధ్య x = 0.5 దగ్గర 1/x పైన ఉంటుంది (2, 0.5), x = −0.5 దగ్గర y = x పైన ఉంటుంది (−0.5, −2). ఖండన బిందువు లేకుండానే పైది కిందిదైపోయింది, ఎందుకంటే 1/x కి x = 0 దగ్గర విలువే లేదు. హారంలో x ఉన్నా, tan x లాంటివి ఉన్నా ఆ తెగే చోట్లు కూడా మూలాల పక్కన రాసుకోవాలి.

చివరగా, "పైన, కింద" అన్న మాటే సరిగ్గా కుదరని సందర్భం. ఇంటర్ లెక్కల్లో తరచూ ఎదురయ్యేది: y² = 4x, y = 2x − 4 మధ్య వైశాల్యం. (2x − 4)² = 4x అని పెడితే x² − 5x + 4 = 0, x = 1, 4. ఇక 1 నుంచి 4 దాకా 2√x పైన, 2x − 4 కింద అని ఇంటిగ్రేట్ చేస్తే 19/3 వస్తుంది. అసలు జవాబు 9.

తేడా ఎక్కడుందో తెలియాలంటే x విలువలతో ఆగకుండా y విలువలు కూడా రాయాలి. x = 4 దగ్గర y = 4. x = 1 దగ్గర y = 2(1) − 4 = −2. అంటే రెండో బిందువు (1, −2), అది పరావలయం కింది శాఖ మీద ఉంది. పై శాఖ 2√x కి x = 1 దగ్గర విలువ 2, సరళరేఖకి −2. అక్కడ ఆ రెండూ కలవనే లేదు! అంటే x = 1 దగ్గర ప్రాంతం మొదలు కావట్లేదు. దానికి ఎడమవైపు, x = 0 నుంచి 1 దాకా, పరావలయం పై శాఖకీ కింది శాఖకీ మధ్య ఇంకో ముక్క ఉంది. దాని వైశాల్యం ∫(2√x − (−2√x)) dx, 0 నుంచి 1 దాకా, 8/3. దీన్ని కలిపితే 19/3 + 8/3 = 9.

ఇలాంటి లెక్కల్లో నిలువు ముక్కలు వదిలేసి అడ్డంగా ముక్కలు చేసుకోవడమే సుఖం. అప్పుడు అడగాల్సింది ఏది పైన అని కాదు, ఏది కుడివైపు అని. రెండింటినీ x = అన్న రూపంలో రాయండి: సరళరేఖ x = (y + 4)/2, పరావలయం x = y²/4. లిమిట్స్ y విలువలు, −2 నుంచి 4. y = 0 పెట్టి చూస్తే సరళరేఖ x = 2 దగ్గర, పరావలయం x = 0 దగ్గర. సరళరేఖ కుడివైపు ఉంది.

∫(y/2 + 2 − y²/4) dy = [y²/4 + 2y − y³/12] = 20/3 − (−7/3) = 9

ఒకే ఇంటిగ్రల్, విడగొట్టే పని లేదు, వర్గమూలాలు లేవు. ఏ దిశలో చేయాలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. ప్రాంతంలో ఎక్కడ నిలువు గీత గీసినా పై చివర ఎప్పుడూ ఒకే వక్రం మీద, కింది చివర ఎప్పుడూ ఒకే వక్రం మీద ఉంటే xతో చేస్తాను. అలా కాకుండా అడ్డగీతలకి ఆ లక్షణం ఉంటే yతో చేస్తాను.

జవాబు సరిచూసుకోవడానికి ఒక చిన్న సాయం. పరావలయానికీ సరళరేఖకీ మధ్య వైశాల్యం ఎప్పుడూ |a|(β − α)³/6. ఇక్కడ a అంటే తేడాలో వర్గ పదం గుణకం, α, β ఖండన విలువలు. పై లెక్కలో a = 1/4, β − α = 4 − (−2) = 6, కాబట్టి 216/24 = 9. పరీక్షలో దీన్నే పద్ధతిగా రాయొద్దు, పూర్తి స్టెప్పులు రాసి పక్కన రఫ్‌లో దీంతో సరిచూసుకోండి. మీ ఘన వక్రానికి ఈ సూత్రం వర్తించదు. అక్కడ అంచనాతో చూడొచ్చు: 0 నుంచి 2 దాకా వెడల్పు 2, ఎత్తు ఎక్కువలో ఎక్కువ 3.08 (x = 2/√3 దగ్గర). దీర్ఘచతురస్రం వైశాల్యం 6.16 అవుతుంది, లోపలి ప్రాంతం అందులో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఉండాలి. 4 వచ్చింది కాబట్టి సరే. 7 వచ్చినా, 1 వచ్చినా ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

మీరు సొంతంగా చేసి చూడటానికి, పైన చెప్పిన y = x³, y = 3x − 2 మధ్య మూసుకున్న ప్రాంతం తీసుకోండి. లిమిట్స్ −2, 1. జవాబు 27/4 రావాలి. అదే లెక్కని x = −2 నుంచి x = 2 దాకా అని మారిస్తే 8 వస్తుంది. రాకపోతే మీరు రాసిన స్టెప్పులు ఇక్కడే పెట్టండి, ఏ లైను దగ్గర తేడా వచ్చిందో చూసి చెప్తాను.